రొమ్ము పరీక్ష ఫొటో తీసేశారు: అప్పీల్లో ఏం రాయాలి?

అందరికీ నమస్కారం.

మా పోస్టు ఒకదానికి ఏం జరిగిందో చెప్పి మొదలుపెడతాను. మా బృందం రొమ్ము క్యాన్సర్ లక్షణాల మీద నాలుగు ఫొటోలు కలిపి ఒకే బొమ్మగా చేసింది. మొదటి ఫొటోలో చర్మం నారింజ తొక్కలాగా చిన్న చిన్న గుంటలు పడి ఉంటుంది. రెండో దాంట్లో చనుమొన లోపలికి లాక్కుపోయి ఉంటుంది. మూడో దాంట్లో చనుమొన నుంచి రక్తం కలిసిన స్రావం. నాలుగోది, చెయ్యి పైకెత్తితేనే కనిపించే చిన్న సొట్ట. అసలు ఆ నాలుగో ఫొటో కోసమే మేం ఈ పని మొదలుపెట్టాం. చాలామంది చేతులు కిందికి దించుకుని అద్దంలో చూసుకుంటారు, ఏమీ లేదనుకుని వెళ్లిపోతారు. ఫొటోల్లో ఉన్నవాళ్లు కాగితం మీద సంతకం పెట్టి అనుమతి ఇచ్చారు. ముఖాలు ఎక్కడా లేవు. బొమ్మ పైభాగంలో 'ఈ మార్పులు కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి' అని రాశాం.

సోషల్ మీడియాలో పోస్టు పెట్టాను. నిమిషం తిరక్కుండానే తీసేశారు. నగ్నత, లైంగిక విషయాల నిబంధన కింద తొలగించామని నోటీసు వచ్చింది. నిమిషంలోపు పోయిందంటే దాన్ని మనిషి చూసి ఉండడు. అది యంత్రం తీసుకున్న నిర్ణయం. నాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు, కోపం మాత్రం వచ్చింది. కోపంలో రెండు పనులు చేశాను. రెండూ తప్పే.

మొదటిది, అప్పీలు పెట్టెలో 'ఇందులో అశ్లీలం ఏమీ లేదు, ఇది అవగాహన కోసం' అని ఒక్క ముక్క రాసి పంపాను. రెండోది, ఆ జవాబు కోసం ఆగకుండా, అదే బొమ్మకి కాస్త వెలుతురు పెంచి, అంచులు కత్తిరించి మళ్లీ పెట్టాను. అది కూడా పోయింది. అప్పీలు తిరస్కరించారు. వారం రోజులు మా అకౌంట్ నుంచి పోస్టులు పెట్టకుండా ఆపేశారు. చివరికి ఆ బొమ్మ తిరిగొచ్చింది కానీ పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ రోజు మీకు చెబుతాను.

ముందు యంత్రం ఏం చూస్తుందో తెలియాలి. అది తెలిస్తే అప్పీల్లో ఏం రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

2016లో యాహూ సంస్థ తన నగ్నత ఫిల్టర్ ఒకదాన్ని అందరికీ తెరిచి ఇచ్చింది. దాని పేరు open_nsfw. ఇప్పుడు పెద్ద సంస్థలు వాడేవి దీనికంటే చాలా ముందుకెళ్లాయి. కానీ ఇది అందరూ విప్పి చూడగలిగింది కాబట్టి, అర్థం చేసుకోవడానికి దీన్నే తీసుకుంటాను. మనం ఎంత పెద్ద ఫొటో ఇచ్చినా, అది లోపలికి తీసుకునేది అడ్డం 224, నిలువు 224 చుక్కల చిన్న చతురస్రం. అందులోని రంగులు, గీతలు, ఆకారాలు చూసి 0 నుంచి 1 మధ్య ఒక అంకె ఇస్తుంది. 0.2 కంటే తక్కువైతే ఇబ్బంది లేదని, 0.8 దాటితే నగ్నత అయ్యే అవకాశం ఎక్కువని దాన్ని తయారుచేసినవాళ్లే రాశారు.

మా బొమ్మని నేను కూడా 224 చుక్కలకి కుదించి చూశాను. మీరూ ఒకసారి చేసి చూడండి, రెండు నిమిషాల పని. మేం కష్టపడి రాసిన వాక్యం బూడిదరంగు గీతలా మిగిలింది. చర్మం మీది గుంటలు పూర్తిగా మాయమయ్యాయి. చెయ్యెత్తిన ఫొటోలో సొట్ట కూడా లేదు. మిగిలింది నాలుగు రొమ్ములు, అంతే. రోగాన్ని చూపించే గుర్తులన్నీ చిన్నవి, శరీరం పెద్దది. కుదిస్తే ముందు పోయేది గుర్తులే. ఇలా చూసే యంత్రాన్ని 'ఎందుకు తీశారు ఈ ఫొటో' అని అడగలేం. ఆ ప్రశ్నకి జవాబిచ్చేదేదీ దాని ముందు లేదు.

ఇంకో రకం కూడా ఉంది. గూగుల్ సంస్థ వేరే వెబ్‌సైట్లకి అద్దెకిచ్చే ఫొటో పరిశీలన సేవలో నగ్నతకి ఒక గడి, వైద్యానికి ఇంకో గడి విడివిడిగా ఉంటాయి. మా బొమ్మలాంటిది పంపితే జవాబు ఇలా రావచ్చు:

```
"adult": "VERY_LIKELY",
"medical": "VERY_LIKELY"
```

అంటే ఇది వైద్యానికి సంబంధించిందని యంత్రం గుర్తుపట్టినట్టే. కానీ ఆ రెండు గడులూ కలిపి చూడాలా, మొదటిది చూసి ఆపేయాలా అనేది ఆ వెబ్‌సైట్ నడిపేవాళ్ల ఇష్టం. మొదటి గడి మాత్రమే చదివేలా ప్రోగ్రామ్ రాసి ఉంటే, రెండో గడిలో ఏం వచ్చినా ఉపయోగం లేదు. మీలో ఎవరైనా సొంత వెబ్‌సైట్‌కి ఇలాంటి ఫిల్టర్ పెట్టుకుని ఉంటే, వెళ్లి ఆ ఒక్క లైను చూసుకోండి. రెండూ ఎక్కువగా వచ్చిన ఫొటోని తీసేయకుండా మనిషి పరిశీలనకి పంపితే సరిపోతుంది.

ఇప్పుడు ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ చదవాల్సిన ఒక కేసు. 2020 అక్టోబరులో బ్రెజిల్‌లో ఒక ఇన్‌స్టాగ్రామ్ యూజర్, రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల సందర్భంగా ఒక బొమ్మ పెట్టారు. గులాబీ రంగు నేపథ్యం, ఎనిమిది ఫొటోలు, ఒక్కోదానికి లక్షణం వివరణ. ఐదింట్లో చనుమొన కనిపిస్తుంది, మిగతా మూడింట్లో చెయ్యి అడ్డం ఉంటుంది లేదా ఫొటోలోకి రాదు. పోర్చుగీసు భాషలో క్యాన్సర్ అన్న మాట బొమ్మ మీదే ఉంది. యంత్రం దాన్ని తీసేసింది. అది మెటా సంస్థకి, అప్పట్లో ఫేస్‌బుక్ అనేవాళ్లు, సంబంధించిన, పోస్టుల తొలగింపుల మీద తుది తీర్పు ఇచ్చే ఓవర్‌సైట్ బోర్డు దాకా వెళ్లింది. బోర్డు కేసు తీసుకోగానే, డిసెంబరులో ఫేస్‌బుక్ తప్పు ఒప్పుకుని పోస్టు తిరిగి పెట్టేసింది, ఇక విచారణ అక్కర్లేదంది. బోర్డు వినలేదు. 2021 జనవరి 28న తీర్పు ఇచ్చింది.

ఆ తీర్పులో నన్ను ఆపిన విషయం ఏంటంటే, ఆ సంస్థ నిబంధనల్లోనే రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం చనుమొన చూపించవచ్చని అప్పటికే మినహాయింపు ఉంది. అంటే పోస్టు నిబంధన దాటలేదు, నిబంధన లోపలే ఉంది. మినహాయింపు కాగితం మీద ఉంది, యంత్రంలోకి ఎక్కలేదు, అంతే తేడా. పైగా అప్పట్లో ఇన్‌స్టాగ్రామ్ సొంత మార్గదర్శకాల్లో ఆ మినహాయింపు స్పష్టంగా రాసి ఉండేది కాదు, ఫేస్‌బుక్ నిబంధనల్లో ఉండేది. యూజర్‌కి ఏది చదవాలో తెలిసే దారి లేదు. బొమ్మ మీది అక్షరాలను యంత్రం బాగా చదవగలిగేలా చేయమని, యంత్రం తీసేసినప్పుడు ఆ సంగతి యూజర్‌కి చెప్పమని, అప్పీలుని మనిషి చూసేలా చేయమని బోర్డు సూచించింది. ఆ తర్వాత మెటా ఆరోగ్య సమాచారాన్ని గుర్తుపట్టే ఒక అదనపు యంత్రాన్ని పెట్టింది. 2023 ఫిబ్రవరి 26 నుంచి మార్చి 27 వరకు, అంతకుముందైతే నేరుగా పోయి ఉండే 2,500 పోస్టులు దానివల్ల మనిషి పరిశీలనకి వెళ్లాయని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఒక్క బొమ్మ మీద పట్టుబట్టడం వల్ల జరిగింది అదంతా.

మరి నేను చేసిన రెండో తప్పు, అదే బొమ్మ మళ్లీ పెట్టడం. అది ఎందుకు పనిచేయదో చూద్దాం.

ఒకసారి తీసేసిన బొమ్మకి వేలిముద్ర లాంటిది ఒకటి తయారుచేసి దాచుకునే పద్ధతి ఉంది. 2019లో ఫేస్‌బుక్ బయటపెట్టిన ఒక పద్ధతి పేరు PDQ. బొమ్మ మొత్తాన్ని 256 బిట్ల గుర్తుగా మారుస్తుంది. రెండు బొమ్మల గుర్తుల మధ్య 31 బిట్ల వరకు తేడా ఉన్నా రెండూ ఒకటే అనుకోవచ్చని దాని సూచన. వెలుతురు పెంచినా, సైజు తగ్గించినా ఆ తేడా చాలాసార్లు దాటదు. మీ బొమ్మ గుర్తు అలాంటి నిల్వలోకి వెళ్లిందంటే, మీరు పెట్టినా, మీ స్నేహితులు పెట్టినా, యంత్రం ఆలోచించకుండా తీసేస్తుంది. మీకు మాత్రం రెండో తప్పు కింద లెక్కలోకి వస్తుంది.

నిల్వలోకి పొరపాటున వెళ్తే ఏమవుతుందో ఇంకో కేసులో తేలింది. కొలంబియాలో పోలీసుల మీద వేసిన ఒక కార్టూన్ ఇలాగే నిల్వలో పడింది. దాన్ని పెట్టినవాళ్లందరి పోస్టులూ పోయాయి. 215 మంది అప్పీలు చేస్తే 98 శాతం మంది గెలిచారు. అయినా, విషయం బోర్డు ముందుకి వచ్చేదాకా ఆ కార్టూన్ నిల్వలోనే ఉండిపోయింది. అది నగ్నత కేసు కాదు, కానీ మనకి పనికొచ్చే మాట అందులో ఉంది. మనం అదే బొమ్మని మళ్లీ పోస్టు చేయడం వల్ల నిల్వలోని గుర్తు చెరగదు. అప్పీలు ఒక్కటే దాన్ని మనిషి కంటి ముందుకి తెస్తుంది.

అందుకని పోస్టు పోగానే మొదట చేయాల్సింది, ఏమీ చేయకపోవడం. డిలీట్ నొక్కకండి. డిలీట్ చేస్తే అప్పీలు చేయడానికి పోస్టే ఉండదు. నోటీసు స్క్రీన్‌షాట్ తీయండి. అందులో మూడు విషయాలు కనిపించాలి: ఏ నిబంధన పేరు చెప్పారు, ఏ రోజు ఎన్ని గంటలకి తీశారు, అప్పీలుకి గడువు ఎప్పటిదాకా. పోస్టు కింద రాసిన కాప్షన్‌ని కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత ఆ సంస్థ నిబంధనల పేజీ తెరిచి, నగ్నత విభాగంలో కిందిదాకా చదవండి. నిషేధాలు పైన ఉంటాయి, మినహాయింపులు కింద ఎక్కడో ఉంటాయి. మెటా నిబంధనల్లో పాలివ్వడం, ప్రసవం, రొమ్ము తొలగించిన తర్వాతి ఫొటోలు, క్యాన్సర్ అవగాహన ఆ మినహాయింపుల్లో ఉంటాయి. యూట్యూబ్‌లో విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళ అనే నాలుగింటిని కలిపి EDSA అంటారు. ఆ సందర్భం వీడియోలోనే వినిపించాలి లేదా శీర్షికలో, వివరణలో కనిపించాలి.

ఇప్పుడు అప్పీలు. చాలామంది ఇక్కడ న్యాయం గురించి రాస్తారు, తమ సేవ గురించి రాస్తారు. అవతల కూర్చున్న మనిషి ముందు రోజుకి వందలాది పోస్టులు ఉంటాయి, మన పోస్టు మీద క్షణాలే గడుపుతారు. అతను వెతికేది ఒకటే, ఇది ఏ మినహాయింపు కిందికి వస్తుంది అని. దాన్ని మనమే చేతికి అందించాలి. నా మొదటి అప్పీలులో 'అశ్లీలం ఏమీ లేదు' అన్నాను. చనుమొన కళ్లముందు కనిపిస్తుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? అంతేకాదు, ఉన్నదాన్ని లేదన్నట్టు అయింది. రెండోసారి అవకాశం దొరికినప్పుడు ఇలా రాశాను:

"ఈ బొమ్మలో చనుమొనలు కనిపిస్తాయి. రొమ్ము క్యాన్సర్ లక్షణాలను చూపించడానికి అవి కనిపించక తప్పదు: రెండో ఫొటోలో చనుమొన లోపలికి పోవడం, మూడో ఫొటోలో స్రావం. మీ వయోజన నగ్నత నిబంధనలో రొమ్ము క్యాన్సర్ అవగాహనకు మినహాయింపు ఉంది. బొమ్మ మీది వాక్యానికి అర్థం: ఈ మార్పులు కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. ఫొటోల్లోని వారందరూ పెద్దవారు, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. లైంగిక ఉద్దేశం ఉన్నదేదీ ఇందులో లేదు."

మొదటి వాక్యంలోనే ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాను. తర్వాత ఏ ఫొటోలో ఏ లక్షణమో చెప్పాను. తర్వాత వాళ్ల నిబంధన మాటనే వాళ్లకి చూపించాను. తెలుగు వాక్యానికి అర్థం రాయడం ఎందుకంటే, చూసే మనిషికి తెలుగు వస్తుందని నమ్మకం లేదు. ఇదంతా నేను ఇంగ్లీషులోనే పంపాను. అక్షరాల పరిమితి ఉన్నచోట మొదటి మూడు వాక్యాలు చాలు. పెట్టె అసలే లేకుండా, కారణం ఎంచుకునే బటన్లు మాత్రమే ఉన్నచోట మనం రాసేదేమీ ఉండదు. అక్కడ మన తరఫున మాట్లాడేది బొమ్మ మీది అక్షరాలు, కాప్షన్‌లోని మొదటి లైను. అందుకే ఇప్పుడు మేం బొమ్మలో మూడోవంతు అక్షరాలకే ఇస్తున్నాం, 'రొమ్ము క్యాన్సర్ లక్షణాలు' అన్న మాటని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తున్నాం. 224 చుక్కలకి కుదించినా అవి చదవడానికి రావాలి. అదే మా కొలత.

ఒక జాగ్రత్త. అనుమతి ఉందని నిరూపించాలన్న ఆత్రంలో రోగి సంతకం ఉన్న కాగితాన్ని అప్పీలుకి జత చేయకండి. పేరు, చిరునామా అన్నీ అందులో ఉంటాయి. అనుమతి ఉందని చెప్పడం వరకే మన పని, ఆ కాగితం మన బీరువాలోనే ఉండాలి.

మెటాలో అప్పీలు ఓడిపోతే, FB లేదా IG అక్షరాలతో మొదలయ్యే ఒక నంబరు ఇస్తారు. దానితో 15 రోజుల్లోపు ఓవర్‌సైట్ బోర్డుకి రాయవచ్చు. బోర్డు తీసుకునే కేసులు చాలా తక్కువ, ఆ సంగతి ముందే చెబుతున్నాను. అయినా రాయండి. ఎందుకంటే బోర్డు ఒక కేసుని పరిశీలనకి ఎంచుకున్నప్పుడు సంస్థ ఆ పోస్టుని ఇంకోసారి చూస్తుంది, చాలాసార్లు అక్కడే తప్పు దిద్దుకుంటుంది. బ్రెజిల్ కేసులో జరిగిందీ అదే.

(సభలోంచి ఒకరు: మేడమ్, డబ్బు కట్టి ప్రచారం చేసే పోస్టులకి కూడా ఇవే మినహాయింపులా?)

కాదమ్మా. ప్రకటనల నిబంధనలు వేరు, అవి ఇంకా గట్టిగా ఉంటాయి. మామూలు పోస్టుగా తిరిగొచ్చిన బొమ్మని ప్రకటనగా పెడితే మళ్లీ తిరస్కరించవచ్చు. ప్రకటనకి ఫొటో లేని బొమ్మ పెట్టి, అసలు ఫొటోలున్న పేజీకి దారి ఇవ్వడమే నయం.

(ఇంకొకరు: పిల్లలకి వచ్చే దద్దుర్లు, జననాంగాల ఇన్‌ఫెక్షన్ల ఫొటోలు పోతే ఏం చేయాలి?)

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే నేను ఇప్పటిదాకా చెప్పింది పిల్లలకి వర్తించదు. పిల్లల నగ్నత విషయంలో ఆరోగ్యం పేరుతో మినహాయింపు దొరుకుతుందని అనుకోకండి. అక్కడ పోస్టు ఒక్కటే కాదు, మొత్తం అకౌంటే పోతుంది, పోలీసులకీ సమాచారం వెళ్లవచ్చు. 2021లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, చంటిబిడ్డకి జననాంగం దగ్గర వాపు వస్తే, నర్సు అడిగిందని డాక్టర్ కోసం ఫొటోలు తీశాడు. డాక్టర్ యాంటీబయాటిక్ రాశారు, బిడ్డకి తగ్గింది. ఫోన్ మాత్రం ఆ ఫొటోలని దానంతట అదే గూగుల్ నిల్వలోకి పంపింది. రెండు రోజుల్లో అతని అకౌంట్ మూసేశారు. పోలీసులు విచారించి ఏ నేరమూ లేదని తేల్చారు. ఆ తర్వాత కూడా గూగుల్ అకౌంట్ తిరిగి ఇవ్వలేదు. అందుకని అలాంటి ఫొటో డాక్టర్‌కి పంపాల్సి వస్తే, ముందు ఫోన్లో ఆటోమేటిక్ బ్యాకప్ ఆపండి, ఆసుపత్రి సొంత పద్ధతి ఉంటే దాని ద్వారానే పంపండి. వీలైతే నేరుగా తీసుకెళ్లి చూపించడం అన్నిటికంటే మంచిది. అవగాహన సామగ్రిలో పిల్లల జననాంగాల ఫొటోలు వద్దు, గీసిన బొమ్మలు వాడండి.

(అదే వ్యక్తి: మరి పెద్దవాళ్లకి కూడా గీసిన బొమ్మలే పెట్టేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా?)

ఉంటుందండీ. 2016లో స్వీడన్ క్యాన్సర్ సొసైటీ స్వీయ పరీక్ష మీద యానిమేషన్ వీడియో పెట్టింది. అందులో రొమ్ములు అంటే గులాబీ రంగు గుండ్రాలు, అంతే. ఫేస్‌బుక్ దాన్నీ తీసేసింది, తర్వాత క్షమాపణ చెప్పింది. అదే సంవత్సరం అర్జెంటీనాలో ఒక క్యాన్సర్ సంస్థ ఆడవాళ్ల బదులు మగవాడి ఛాతీ మీద స్వీయ పరీక్ష ఎలా చేసుకోవాలో చూపించింది. మగవాడి చనుమొనని ఎవరూ తీసేయరు కాబట్టి. తెలివైన ఉపాయమే, చేతివేళ్ల కదలిక నేర్పడానికి బాగా పనికొచ్చింది.

కానీ వేళ్ల కదలిక వేరు, లక్షణాలు వేరు. వాపుతో వచ్చే రొమ్ము క్యాన్సర్‌లో చర్మం ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు ఎర్రగా కనిపించదు, ముదురు ఊదా రంగులోనో, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త నల్లగానో కనిపిస్తుంది. గీసిన బొమ్మలో ఎరుపు రంగు వేస్తే, నల్లటి చర్మం ఉన్న మనిషి అద్దంలో ఎరుపు కోసం వెతుక్కుని, లేదనుకుని ఊరుకుంటుంది. ఆ తేడా చూపించడానికి నా దగ్గర ఫొటో తప్ప ఇంకో మార్గం లేదు. అందుకే మేం రెండూ చేస్తున్నాం. పరీక్ష ఎలా చేసుకోవాలో గీసిన బొమ్మతో, ఏం కనిపిస్తే భయపడాలో ఫొటోతో. ఫొటోల అసలు ప్రతులు మా సొంత పేజీలోనూ ఉంచుతున్నాం, ఇక్కడ తీసేసినా అడిగినవాళ్లకి లింకు పంపడానికి.

నేను మళ్లీ పెట్టిన రెండో కాపీ సంగతి ఎవరో ఇందాక బయట అడిగారు. అసలు పోస్టు తిరిగొచ్చినా అది రాలేదు. దానికి విడిగా అప్పీలు చేయాల్సి వచ్చింది, తిరిగొచ్చిన పోస్టు లింకు ఇచ్చి, ఇదే బొమ్మని మీరే సరైందని తేల్చారు అని రాశాను. నాలుగు రోజుల్లో వచ్చింది, అకౌంట్ మీద పడ్డ తప్పు కూడా తీసేశారు.